బాత్రూం గోడలో మళ్లీ మళ్లీ లీకు: ఇంటి ఓనర్‌కు ఉత్తరం ఎలా రాయాలి?

ప్రశ్న: నెల్లూరు వేదాయపాలెంలో ఒక ఇంటి మొదటి అంతస్తులో అద్దెకుంటున్నాం. బాత్రూంకీ బెడ్‌రూంకీ మధ్య గోడ ఎప్పుడూ చెమ్మగానే ఉంటోంది. జనవరిలో, మేలో, ఆగస్టులో ఓనర్ గారు ప్లంబర్‌ని పంపించారు. ప్రతిసారీ టైల్స్ సందుల్లో వైట్ సిమెంట్ పెట్టి, బెడ్‌రూం వైపు పుట్టీ పూసి వెళ్లారు. నెల తిరక్కుండా మళ్లీ అదే చెమ్మ. ఓనర్ గారు కావలిలో ఉంటారు, పెద్దాయన, మేం బాబాయ్ గారూ అనే పిలుస్తాం. ఫోన్ చేస్తే "మొన్ననే చేయించాం కదమ్మా, వానలకు చెమ్మెక్కి ఉంటుంది" అంటున్నారు. గొడవ పడకుండా, పని జరిగేలా ఉత్తరం ఎలా రాయాలి?

జవాబు:

నేను నెల్లూరులో ఇళ్ల రిపేరు పనులు కాంట్రాక్టుకు చేయిస్తుంటాను. అద్దెవాళ్లు పంపిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజులు ఓనర్లు నాకు చూపించి "దీనికేం చేద్దాం?" అని అడగడం మామూలే. చాలావాటిలో ఉండేది ఒక్కటే మాట: గోడ తడుస్తోంది, రిపేరు చేయించండి. దానికి ఓనర్ చేసేది కూడా ఒక్కటే, ప్లంబర్‌కి ఫోన్ కొట్టడం. ఏ పని చేయాలో ప్లంబర్‌కి ఎవరూ చెప్పరు. అతను కంటికి కనబడిన సందు పూడ్చి కూలి తీసుకుని వెళ్లిపోతాడు. మీ విషయంలో జరిగింది ఇదే. కాబట్టి ఈసారి ఉత్తరంలో పనిని విడమరిచి అడగాలి: గోడ తెరిచి లీకయ్యే జాయింట్‌ని చూడాలి, దాన్ని మార్చాలి, మూసే ముందు ప్రెషర్ టెస్ట్ చేయాలి. అలా అడగాలంటే నీళ్లు ఏ పైపులోంచి వస్తున్నాయో మీకు కొంతైనా తెలిసుండాలి. గంటసేపు ఉండి వెళ్లిపోయే ప్లంబర్‌కి అది తెలియదు. ఆ ఇంట్లో రోజూ ఉండే మీరే కనిపెట్టగలరు.

అన్నిటికంటే ముందు కరెంటు సంగతి. ఆ గోడ మీద గీజర్ స్విచ్ గానీ, బెడ్‌రూం వైపు ప్లగ్ పాయింట్ గానీ ఉంటే, చెమ్మ దాని దాకా వచ్చిందేమో చూడండి. దగ్గరికొచ్చి ఉంటే ఆ లైన్ ఎంసీబీ దించేయండి. కుళాయి ముట్టుకుంటే జిల్లుమన్నా, స్విచ్ బోర్డు తడిగా తగిలినా ఉత్తరం దాకా ఆగకూడదు. అదే రోజు ఓనర్‌కి చెప్పి ఎలక్ట్రీషియన్‌ని పిలిపించండి.

ఇక లీకు సంగతి. గోడలోకి నీళ్లు మూడు దారుల్లో రావచ్చు. ఒకటి, ట్యాంకు నుంచి కుళాయికి, గీజర్‌కి, వేడినీళ్లూ చన్నీళ్లూ కలిపే వాల్ మిక్సర్‌కి వచ్చే పైపులు. వీటిలో రాత్రీపగలూ నీళ్లు నిండే ఉంటాయి, మీరు కుళాయి తిప్పినా తిప్పకపోయినా. రెండు, స్నానం చేసినప్పుడు మాత్రమే నీళ్లు పారేవి: నేల, నీళ్లు దిగే జాలీ కింది నహానీ ట్రాప్, దాని కింది డ్రైన్ పైపు, టైల్స్ సందులు. మిక్సర్ నుంచి పైకి షవర్‌కి పోయే పైపు కూడా ఈ రెండో రకంలోకే వస్తుంది, షవర్ తిప్పితేనే అందులోకి నీళ్లెక్కుతాయి కాబట్టి. మూడోది పైనుంచి దిగేది, అంటే టెర్రస్ స్లాబ్, లేదా బాత్రూం పైన ట్యాంకు పెట్టిన చోటు. బాబాయ్ గారు "వానలకు" అంటున్నది ఈ మూడోదాన్నే. ఆయన ఊరికే అన్న మాట కూడా కాదు. మన జిల్లాలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాను వానలకు బయటి గోడలు నిజంగానే చెమ్మెక్కుతాయి. అయితే మీరు చెబుతున్నది రెండు గదుల మధ్య గోడ. దాని మీద నేరుగా వాన పడే వీలు లేదు. పైనుంచి దిగే చెమ్మయితే సీలింగ్ దగ్గర మొదలై కిందికి వస్తుంది. నేల నుంచి ఎక్కేదైతే స్కర్టింగ్ దగ్గర మొదలై సాధారణంగా అడుగు రెండడుగుల దగ్గర ఆగుతుంది. సుమారు మూడడుగుల ఎత్తులో, మిక్సర్ ఉన్న మట్టానికి చెమ్మ మొదలవుతుంటే మాత్రం ముందు అనుమానించాల్సింది పైపుల్నే.

ఎత్తు చూసి ఊహించవచ్చు, ఉత్తరంలో రాయడానికి అది చాలదు. ఇలా చేయండి. బెడ్‌రూం వైపు చెమ్మ అంచు వెంబడి పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ, టైము వేయండి. తడిసిన గోడ ఆరడానికి వారాలు పట్టొచ్చు. అందుకని "ఆరిందా" అని చూడొద్దు, "గీత దాటిందా" అని చూడండి. ఆ తర్వాత మీరు రెండు మూడు రోజులు ఊరెళ్లేటప్పుడు బాత్రూంలో అన్ని కుళాయిలూ గట్టిగా కట్టేసి, ట్యాంకు నుంచి నీళ్లొచ్చే గేట్ వాల్వ్ మాత్రం తెరిచే ఉంచి వెళ్లండి. ఇంట్లో రెండో బాత్రూం ఉంటే ఊరెళ్లే పని కూడా లేదు, రెండు రోజులు దీన్ని వాడకుండా ఉంటే చాలు. వాన లేకుండా, ఎవరూ చుక్క నీరు వాడకపోయినా చెమ్మ గీతను బాగా దాటిందంటే అది చాలావరకు ఎప్పుడూ నిండుగా ఉండే పైపు లీకే. దాటకుండా అక్కడే ఉండి, వాడటం మొదలుపెట్టాక పెరిగితే డ్రైన్ వైపో షవర్ పైపో చూడాలి. ఈ రెంటినీ విడదీయడం తేలిక. కొన్ని రోజులు షవర్ ముట్టుకోకుండా బకెట్‌తో స్నానం చేయండి. అప్పుడూ చెమ్మ పెరిగితే డ్రైన్, ఆగితే షవర్ పైపో, షవర్ నీళ్లు పడే టైల్స్ సందులో.

ఊరెళ్లేటప్పుడు ట్యాంకులో నీటి మట్టం చూసి వెళ్లి, వచ్చాక మళ్లీ చూడమని కొందరు చెబుతారు. పెద్ద లీకైతే తెలుస్తుంది. గోడ లోపల చుక్కచుక్కగా కారేది దానికి చిక్కదు. వెయ్యి లీటర్ల ట్యాంకులో మట్టం ఒక్క సెంటీమీటరు తగ్గాలంటేనే ఎనిమిది తొమ్మిది లీటర్లు పోవాలి. ఆ సెంటీమీటరు తేడా మీ కంటికి ఆనదు, గోడకు మాత్రం ఆ నీళ్లు చాలా ఎక్కువ.

పైపు లీకే అని తేలితే చన్నీళ్లదా, వేడినీళ్లదా అన్నది కూడా మీరే చూడొచ్చు. గీజర్ స్విచ్ ఆపండి. గీజర్‌కి నీళ్లొచ్చే వైపున్న చిన్న వాల్వ్‌ని కట్టేయండి. ఒక్కసారి వేడినీళ్ల కుళాయి తిప్పి లోపలి ప్రెషర్ వదిలించి మళ్లీ కట్టేయండి. వాల్వ్ కట్టి ఉన్నంతసేపూ గీజర్ స్విచ్ వేయకూడదు, ఇంట్లో అందరికీ చెప్పి స్విచ్ మీద కాగితం అంటించండి. ఇలా నాలుగైదు రోజులు ఉంచితే వేడినీళ్ల పైపులోకి కొత్త నీళ్లు రావు. మొదటి రోజు రెండో రోజు పాత తడే కొంచెం పాకొచ్చు. ఆ తర్వాత పెరగడం ఆగి, వాల్వ్ తెరిచాక మళ్లీ మొదలైతే లీకు వేడినీళ్ల లైన్లోనే ఉంది.

నాకు తెలిసినంతలో, పూసినా పూసినా తిరిగొచ్చే చెమ్మల్లో ఎక్కువ భాగం ఈ వేడినీళ్ల లైన్లోవే, అదీ మిక్సర్ బిగించే బ్రాస్ ఎల్బో దగ్గరివే. ఆ ఎల్బో బయట సీపీవీసీ ప్లాస్టిక్, లోపల ఇత్తడి మరలు. మిక్సర్ బిగించేటప్పుడు టెఫ్లాన్ టేపు దండిగా చుట్టి రెంచితో బలంగా తిప్పితే ప్లాస్టిక్ కాలర్ వెంట్రుకవాసి చీలుతుంది. ఆ రోజు కారదు. గీజర్ వేసిన ప్రతిసారీ వేడికి వ్యాకోచించి, చల్లారి మళ్లీ ముడుచుకుని, కొన్నాళ్లకు ఆ చీలిక నోరు తెరుస్తుంది. దర్గామిట్టలో ఒకింట్లో గోడ తెరిపించినప్పుడు నేను దగ్గరుండి చూశాను. ఎల్బో మీద ఇత్తడి చిలుము పచ్చగా పేరుకుని ఉంది. దాన్ని గుడ్డతో తుడిచి టార్చి వేస్తే, కాలర్ అంచున ఒక చుక్క మెల్లగా ఊరి, కిందికి పడకుండా పైపు అడుగు పట్టుకుని పక్కకు జారుతోంది. అలా రెండడుగులు పోయి, పైపు వంపు తిరిగిన చోట ఇటుక మీద పడుతోంది. చెమ్మ బయటికి కనిపించింది ఆ వంపు దగ్గర. అప్పటిదాకా వైట్ సిమెంట్ పెట్టిందీ ఆ వంపు దగ్గరే. లీకయ్యే చోటికి ఎవరి చెయ్యీ వెళ్లలేదు. మీ గోడ మీద చెమ్మ కనిపించే చోటే లీకు ఉందని మీరు గానీ ప్లంబర్ గానీ నమ్మకూడదు అనేది అందుకే.

బాబాయ్ గారు గోడ తెరవడానికి వెనకాడటానికి ఒక కారణం ఉండుంటుంది, ఆయన పైకి చెప్పకపోయినా. టైల్స్. ఇల్లు కట్టినప్పటి టైలు ఇప్పుడు షాపుల్లో దొరకదు. నాలుగు టైల్స్ పగిలితే గోడంతా మార్చాల్సి వస్తుందేమో అన్న భయం ప్రతి ఓనర్‌కీ ఉంటుంది. మీ గోడ రెండు గదుల మధ్యది కాబట్టి దానికి దారి ఉంది. అది నాలుగున్నర అంగుళాల గోడ అయితే బెడ్‌రూం వైపు నుంచే ప్లాస్టర్ కొట్టి, ఒకటి రెండు ఇటుకలు తీసి, వెనక నుంచి ఎల్బో దాకా పోవచ్చు. బాత్రూం టైలు ఒక్కటి కూడా కదలదు. మూసేది ప్లాస్టరూ పెయింటే. తొమ్మిదంగుళాల గోడైతే అటునుంచి కష్టం, టైల్స్ తీయాల్సిందే. అప్పుడు కూడా మిక్సర్ మట్టానికి గోడ పొడుగునా ఒక వరస తీసేసి, ఆ వరసకు వేరే రంగు టైలు పట్టీలా వేస్తే అతుకులా కనిపించదు. ఈ మాట మీ ఉత్తరంలో ఉంటే సగం అడ్డు తొలగినట్టే.

ఉత్తరం ఇలా ఉండొచ్చు. మీ పరిశీలనలో ఇలాగే తేలిందనుకుని రాస్తున్నాను. మీకు వేరేగా తేలితే, తేలిందే రాయండి. కొలతలూ తేదీలూ మీవి పెట్టుకోండి.

తేదీ: ............

శ్రీ ............ గారికి,
కావలి.

విషయం: వేదాయపాలెం ఇల్లు, మొదటి అంతస్తు బాత్రూం గోడలో తిరగబెడుతున్న లీకు. గోడ తెరిచి బాగుచేయించవలసిందిగా వినతి.

బాబాయ్ గారూ, నమస్కారం.

బాత్రూంకీ బెడ్‌రూంకీ మధ్య గోడ లోపల నీళ్లు లీకవుతున్నాయి. ఈ ఏడాది జనవరిలో, మేలో, ఆగస్టులో మేము చెప్పిన ప్రతిసారీ మీరు ప్లంబర్‌ని పంపించారు, కృతజ్ఞతలు. మూడుసార్లూ టైల్స్ సందుల్లో వైట్ సిమెంట్ పెట్టి, బెడ్‌రూం వైపు పుట్టీ పూశారు. గోడ తెరిచి పైపు చూడటం జరగలేదు. ప్రతిసారీ నెలలోపే చెమ్మ మళ్లీ వచ్చింది.

ఇప్పుడు బెడ్‌రూం వైపు నేల నుంచి మూడడుగుల ఎత్తులో మొదలై కిందిదాకా, రెండడుగుల వెడల్పున గోడ తడిగా ఉంది. పెయింట్ ఉబ్బి రాలుతోంది, ఉప్పు పొంగుతోంది. బాత్రూం తలుపు చట్రం అడుగుభాగం ఉబ్బి తలుపు పట్టేస్తోంది. గీజర్ స్విచ్ బోర్డు ఈ చెమ్మకు అడుగు దూరంలో ఉంది. అందుకని గీజర్ వాడటం ఆపేశాం.

మేము గమనించింది ఇది. ............ నుంచి ............ వరకు ఊరెళ్లాం. బాత్రూం ఎవరూ వాడలేదు, వాన కూడా లేదు, ట్యాంకు వాల్వ్ మాత్రం తెరిచే ఉంది. తిరిగొచ్చేసరికి చెమ్మ మేము గీసిన గీత దాటి మూడంగుళాలు పాకింది. తర్వాత గీజర్‌కి నీళ్లొచ్చే వాల్వ్ ఐదు రోజులు కట్టి చూశాం. చెమ్మ పెరగడం ఆగింది. వాల్వ్ తెరిచాక మళ్లీ పెరిగింది. దీన్నిబట్టి గీజర్ నుంచి మిక్సర్‌కి వచ్చే వేడినీళ్ల పైపులోనో దాని జాయింట్‌లోనో లీకు ఉందని అనుకుంటున్నాం. గోడ తెరిచి చూస్తే గానీ ఖాయంగా చెప్పలేం. ఫోటోలు ఈ ఉత్తరంతో పంపుతున్నాం.

దయచేసి ఈసారి పైపూతతో సరిపెట్టకుండా గోడ తెరిపించి, పాడైన జాయింట్‌ని మార్పించి, మూసే ముందు ప్రెషర్ టెస్ట్ చేయించండి. టైల్స్ పగలకుండా బెడ్‌రూం వైపు నుంచి తెరవడానికి వీలుంటుందని విన్నాం. మాకు అభ్యంతరం లేదు, మంచం, బీరువా జరిపి చోటిస్తాం. పనివాళ్లు వచ్చే రోజు ముందుగా చెబితే ఇంట్లో ఒకరం ఉంటాం.

నీళ్లు కింది స్లాబ్‌లోకి దిగితే రాడ్లు తుప్పు పట్టి పెచ్చులూడతాయి. ఆలస్యమైతే మీకే ఖర్చు పెరుగుతుందని మా బాధ. వారం లోపల మీరు గానీ, మీ తరఫున ఎవరైనా గానీ వచ్చి చూసి, ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో పని మొదలుపెట్టించమని కోరుతున్నాం. మీరు రావడానికి వీలు కాకపోతే, ఇక్కడే మంచి ప్లంబర్‌ని చూసి ఖర్చు అంచనా రాయించి మీకు పంపుతాం. మీరు సరేనని రాసి పంపితే మేమే చేయించి, బిల్లులు మీకిచ్చి, ఆ మొత్తం అద్దెలో సర్దుకుంటాం. అద్దె ఎప్పటిలాగే ప్రతినెలా చెల్లిస్తున్నాం.

ఇట్లు,
............
ఫోన్: ............

ఇందులో కొన్ని మాటలు అలాగే ఉంచమని ఎందుకంటానంటే, ముందుగా ఆ మూడు నెలల పేర్లు. "చాలాసార్లు చెప్పాం" అంటే వాదన అవుతుంది. జనవరి, మే, ఆగస్టు అని రాస్తే అది లెక్క. ఆయన మనసులో "మొన్ననే చేయించాను" అన్న మాట ఉంది, అది నిజమే కూడా. దాన్ని కాదనకుండా, చేయించిన పని ఏమిటో, తెరవకుండా వదిలేసింది ఏమిటో పక్కపక్కన పెడితే ఆయనకే అర్థమవుతుంది. ప్లంబర్‌ని తిట్టకండి. అతను ఆయన మనిషే అయ్యుంటాడు, అతని మీద మాట పడితే ఆయన వెనకేసుకొస్తారు.

బాబాయ్ గారూ అన్న పిలుపు తీసేయాలా అని మీకు అనుమానం రావచ్చు. తీసేయక్కర్లేదు. పైన పేరు, ఊరు, తేదీ, విషయం పద్ధతిగా ఉన్నాయి, అది చాలు. రోజూ బాబాయ్ అనే మనుషులు హఠాత్తుగా "అయ్యా" అని మొదలుపెడితే వకీలు రాయించాడనుకుంటారు, అక్కణ్ణుంచి బిగుసుకుపోతారు. "అనుకుంటున్నాం" అన్న మాట కూడా ఉండనివ్వండి. మీ అంచనా తప్పి లీకు చన్నీళ్ల లైన్లో బయటపడినా ఉత్తరం విలువ తగ్గదు.

ఉత్తరాన్ని స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు దాచండి, డెలివరీ అయ్యాక ట్రాకింగ్ పేజీ ఫోటో తీసిపెట్టుకోండి. ముందు ఫోన్ చేసి "బాబాయ్ గారూ, వివరంగా రాసి పోస్టులో పంపాను, ఫోటోలు వాట్సాప్‌లో పెడుతున్నాను" అని చెప్పండి. చెప్పకుండా పోస్టు వస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. ఫోటోల్లో గీత, తేదీ కనబడాలి. ఒకటి దూరం నుంచి గది మొత్తం, ఒకటి దగ్గర నుంచి టేపు పెట్టి తీసింది ఉంటే సరిపోతుంది.

ఇక డబ్బు ఎవరు పెట్టాలన్నది. మీ అగ్రిమెంట్ తీసి మరమ్మతుల గురించి ఏం రాశారో ముందు చదవండి. "చిన్న చిన్న రిపేర్లు అద్దెదారు చూసుకోవాలి" అని ఉన్నా, గోడలో దాగిన పైపు చిన్న రిపేరు కిందికి రాదని మీరు చెప్పొచ్చు. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టంలో కూడా కట్టడపు రిపేర్లూ అవసరమైనప్పుడు పైపులు మార్చడమూ ఓనర్ పద్దులో, కుళాయి వాషర్లూ డ్రైన్ శుభ్రం చేయడమూ అద్దెదారు పద్దులో వేశారు. అది నమూనా మాత్రమే, రాష్ట్రం చట్టంగా తెచ్చుకుంటే తప్ప దానంతటది కట్టుబాటు కాదు. న్యాయంగా ఎవరిదన్న మాటకు ఆసరాగా మాత్రం పనికొస్తుంది. మీరు మిక్సర్ మార్చుకున్నారా, గోడకు మేకులు కొట్టారా అని ఆయన అడగవచ్చు. అలాంటిది ఉంటే దాచకుండా చెప్పండి. అద్దెదారు చేతి వల్ల పాడైంది అద్దెదారే బాగుచేయాలి.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 108వ సెక్షన్‌లో ఒక మాట ఉంది. ఓనర్ చేయవలసి ఉన్న రిపేరును, తెలియజేసిన తర్వాత తగిన గడువులో చేయకపోతే, అద్దెదారు తానే చేయించి ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలోంచి మినహాయించుకోవచ్చు. చాలామంది ఇందులో చివరి సగమే పట్టుకుంటారు. ముందున్న షరతులు చూడండి: అది ఓనర్ చేయవలసిన రిపేరై ఉండాలి, అంటే అగ్రిమెంట్‌ని బట్టి తేలాలి, మీరు తెలియజేసి ఉండాలి, తగిన గడువు ఇచ్చి ఉండాలి. తేదీ వేసిన ఈ ఉత్తరం ఉంటే తర్వాతి రెండూ రుజువు చేయొచ్చు. అందుకని మొదటి ఉత్తరంలో సెక్షన్ నంబర్లు రాయనక్కర్లేదు. గడువు దాటి జవాబు రాకపోతే రెండో ఉత్తరంలో, మొదటిదాని తేదీ చెప్పి, అప్పుడు రాయండి. దానికీ కదలకపోతే స్థానిక లాయర్‌కి రెండు ఉత్తరాలూ అగ్రిమెంటూ చూపించి, ఆ తర్వాతే అద్దెలో మినహాయించుకునే సంగతి ఆలోచించండి. అద్దె ఆపేయడం మాత్రం వద్దు. ఆపిన నాటి నుంచి మాట లీకు మీంచి అద్దె బాకీ మీదికి పోతుంది.

పని ఒప్పుకున్నారనుకోండి, ఆ రోజు ఇంట్లో ఎవరైనా దగ్గరుండాలి. తెరిచాక లీకయ్యే చోటు కంటికి కనబడేదాకా మూయనివ్వకండి. పైపు పొడిగా ఉండి పక్కన ఇటుక తడిగా ఉంటే లీకు ఇంకా ఎగువనుంది, మరో అడుగు తెరవాలి. పాత జాయింట్ మీద ఎమ్‌సీల్ పూస్తానంటే ఒప్పుకోకండి, వేడినీళ్ల లైన్లో అది నిలవదు. ఆ ఎల్బో కోసేసి కొత్తది వేయాలి. సొల్యూషన్‌తో అతికించాక డబ్బా మీద రాసినంతసేపు ఆరనివ్వాలి. ఆ తర్వాత గీజర్‌ని విడదీసి, మిక్సర్ పాయింట్లకు ఎండ్ ప్లగ్గులు పెట్టి, చేతి పంపుతో ప్రెషర్ ఎక్కించాలి. ట్యాంకు మీ కుళాయికి పది మీటర్ల ఎత్తున ఉంటే వచ్చేది కేజీ ప్రెషర్, మొదటి అంతస్తుకు అరకేజీ కూడా రాకపోవచ్చు. అంత తక్కువలో సన్నని చీలిక రోజంతా కారకుండా మోసం చేస్తుంది. పంపుతో ఆరేడు కేజీలు పెట్టి గంట ఉంచితే పంపు గేజీ ముల్లు కదలకూడదు. ముల్లు కొంచెం కొంచెం దిగుతుంటే ఇంకోచోట కూడా లీకుంది. మూసేలోపు తెరిచిన గోడకు టేపు పట్టి, పైపు ఎక్కడినుంచి ఎక్కడికి పోతుందో ఫోటో తీసి బాబాయ్ గారికి పంపండి. రేపు అక్కడ ఎవరైనా డ్రిల్ వేయాల్సి వచ్చినా ఆయనకు పనికొస్తుంది.

చివరిగా ఆ ఉప్పు సంగతి చెప్పాలి, మన వైపు దీన్ని పట్టించుకోకే మళ్లీ లీకైందని తగాదాలొస్తాయి. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. నెలల తరబడి తడిసిన ప్లాస్టర్‌లో ఆ ఉప్పు నిలిచిపోతుంది. లీకు ఆగినా సరే, వానాకాలం గాలిలో తేమను లాక్కుని గోడ మళ్లీ చెమ్మగా కనిపిస్తుంది. కాబట్టి చెమ్మ ఎంత మేర ఉందో అంతకంటే జానెడు ఎక్కువగా పాత ప్లాస్టర్‌ని ఇటుక దాకా కొట్టించి, కనీసం వారం పాటు తెరిచి ఉంచి, ఆరాక కొత్త ప్లాస్టర్ వేయించమనండి. పుట్టీ, పెయింట్ నెల తర్వాతే. ప్లంబర్, తాపీమేస్త్రి, పెయింటర్ ఒకే వారంలో వచ్చి ముగించేస్తామంటే, పెయింట్ పని వచ్చే నెలకు పెట్టుకుందామని బాబాయ్ గారికి మీరే చెప్పండి.